రోజుకు లీటరు: జయపురం నుంచి కొరాపుట్‌కు ఒక లిఫ్టు కథ

మా ఆఫీసు ఒడిశాలోని కొరాపుట్‌లో. స్టాఫ్‌లో సగం మంది కాపురాలు జయపురంలో. పిల్లల బడులు, బజారు, అత్తమామల ఇళ్ళు అన్నీ కింద ఉన్నాయి, ఉద్యోగం మాత్రం ఘాట్ ఎక్కితే గానీ దొరకదు. మధ్యలో దూరం 22 కిలోమీటర్లు. నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో పద్నాలుగేళ్ళుగా ఉన్నాను. సెలవులు, ఇంక్రిమెంట్లు, సర్వీసు పుస్తకాలు నా పని. వాటితోపాటు లిఫ్టు పంచాయితీలు కూడా నా బల్ల మీదికే వస్తుంటాయి. హాజరు పట్టీ నా దగ్గర ఉండటంతో, ఎవరు ఎవరి బండి దిగి వస్తున్నారో, ఎప్పుడు దిగడం మానేశారో నాకే ముందు తెలుస్తుంది.

ఇప్పటికి ఇరవైకి పైగా లిఫ్టులు కుదరడమూ చూశాను, చెడడమూ చూశాను. ఒక్కటి మాత్రం వివరంగా రాస్తాను. అది మొదట చెడి, తర్వాత కుదిరింది. ఎక్కడ చెడిందో, ఏం మార్చితే కుదిరిందో రెండూ కనిపిస్తాయి. పేర్లు అక్కర్లేదు. అడిగినావిడను పార్వతీపురం అమ్మాయి అందాం, పుట్టిల్లు అక్కడ, జయపురం కోడలు. కారు ఉన్నాయనను అకౌంటెంట్ గారు అందాం. ఆయనకు యాభై నాలుగేళ్ళు, ఆవిడకు ముప్ఫై రెండు. ఇద్దరిదీ తెలుగిల్లే, ఇద్దరివీ వేరు వేరు సెక్షన్లు.

ఈ వేరు వేరు సెక్షన్లన్న మాట ఊరికే రాయలేదు. రిపోర్టు రాసే పై అధికారి కారులో కింది ఉద్యోగి రోజూ వస్తానంటే నేను మధ్యలోకి వెళ్ళను. అక్కడ డబ్బు లెక్క ఎంత సరిగ్గా ఉన్నా ఇద్దరిలో ఒకరు వద్దని చెప్పలేరు.

అమ్మాయి మొదటిసారి అడిగింది టీ కొట్టు దగ్గర. నేనూ అక్కడే ఉన్నాను, ఇంకో ముగ్గురున్నారు. "సార్, మీరు రోజూ కారులోనే వస్తారు కదా, నన్ను కూడా ఎక్కించుకోండి. పెట్రోలుకి ఏదో ఇస్తాలెండి" అంది. ఆయన గ్లాసు కింద పెట్టి "చూద్దాం అమ్మా" అన్నారు.

మా వైపు చూద్దాం అంటే కాదని అర్థం. అమ్మాయికి అది తెలియక నాలుగు రోజులు ఎదురు చూసింది. అయిదో రోజు ఆయన మామూలు కంటే పావుగంట ముందు బయలుదేరడం మొదలుపెట్టారు. ఆవిడ బస్టాండులో నిలబడి ఉండగా కారు ఎదురుగానే వెళ్ళిపోయింది. అప్పుడు నా దగ్గరకు వచ్చి కూర్చుంది. "డబ్బులిస్తానన్నా కూడా ఎందుకండీ అలా" అని అడిగింది.

ఆ "డబ్బులిస్తానన్నా కూడా" అన్న మాటలోనే పొరపాటు ఉంది. ఆయనకు డబ్బు ముఖ్యం కాదు. తర్వాత ఒకరోజు మెల్లగా కదిపితే ఆయనే చెప్పారు: "పొద్దున్న నలభై నిమిషాలు నావి. ఓ రోజు తొమ్మిదింటికి బయలుదేరతాను, ఓ రోజు ఎనిమిదిన్నరకే వెళ్ళి గుడి చూసుకుంటాను. సాయంత్రం కూరలు కొంటాను. ఒకరిని ఎక్కించుకుంటే అవన్నీ ఇంకొకరికి చెప్పి చేసుకోవాలి. పైగా ఏదో ఇస్తానంది. ఏదో అంటే నేనేమైనా టాక్సీనా?"

అంటే ఆవిడ ఒక్క వాక్యంలో ఆయన పొద్దుటి పూటను సంవత్సరం పాటు అడిగేసింది. అదీ నలుగురి ముందు. వద్దనడానికి దారి వదల్లేదు, డబ్బు మాట అంకె లేకుండా గాల్లో వదిలేసింది. ఈ మూడింట్లో మొదటిదే అసలు కారణం. కారు ఉన్నవాళ్ళు భయపడేది ఖర్చుకు కాదు, ఎదురుచూపుకు.

రెండోసారి అడిగే ముందు మేము పని మొదలుపెట్టింది లెక్కతో. మాటలు తర్వాత చూసుకుందామనుకున్నాం. అంకె చేతిలో లేకుండా వెళితే మళ్ళీ ఏదో అన్న మాటే వస్తుంది.

ముందు ఆవిడ ఖర్చు. ఇంటి నుంచి బస్టాండుకు ఆటో 20, బస్సు 30, కొరాపుట్‌లో దిగాక ఆఫీసుకు ఇంకో 20. పోను 70, రాను 70, రోజుకు 140. నెలకు 22 పనిరోజులు వేసుకుంటే 3,080 రూపాయలు. లిఫ్టుకు ఇంతకంటే ఎక్కువ ఇవ్వాల్సి వస్తే ఆవిడకు మిగిలేది సౌకర్యం ఒక్కటే. ఆవిడ జీతానికి అది చాలదు.

తర్వాత కారు ఖర్చు. ఇక్కడ చాలామంది కంపెనీవాళ్ళు చెప్పిన మైలేజీ పట్టుకుంటారు. మా దారికి అది పనికిరాదు. పొద్దున్న జయపురం నుంచి పైకెక్కడం, సాయంత్రం కొరాపుట్ నుంచి దిగడం. అకౌంటెంట్ గారి కారులో తెర మీద పొద్దున్న లీటరుకు 12, సాయంత్రం 21 చూపిస్తుంది. రెండూ కూడి సగం చేస్తే పదహారున్నర వస్తుంది గానీ అది తప్పు. ఆయన ఇంటి నుంచి ఆఫీసు దాకా 24 కిలోమీటర్లు ఎక్కడానికి 2 లీటర్లు, అదే దూరం దిగడానికి లీటరు కంటే కాస్త ఎక్కువ. మొత్తం 3.14 లీటర్లు, అంటే లీటరుకు పదిహేను చిల్లర. ఎక్కేటప్పుడు తాగిన పెట్రోలును దిగుడు పూర్తిగా తిరిగి ఇవ్వదు.

తెర మీది అంకెను నమ్మడం కంటే బంకులో చూసుకోవడం నయం. ఆయనతో మాట కుదిరాక మేము చేసింది అదే, ఇక్కడ ముందుగా చెప్పేస్తున్నాను. బంకులో ట్యాంకు నిండి గొట్టం తనంతట తానే ఆగే ఆటో కట్ పడేవరకూ నింపించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, 8 పనిరోజులు నడిపి, అదే బంకులో మళ్ళీ ఆటో కట్ వరకూ నింపించాం. మధ్యలో ఆదివారం కారు బయటకు తీయలేదు. 384 కిలోమీటర్లకు 24.8 లీటర్లు పట్టింది. లీటరుకు 15.5 అన్నమాట. అదే బంకు, అదే పాయింటు అయితే మేలు. ఒకచోట నేల కాస్త వాలుగా ఉన్నా కట్ పడే చోటు మారుతుంది. కట్ పడ్డాక బంకు కుర్రాడు రౌండు అంకె కోసం ఇంకాస్త కొడతానంటే వద్దనాలి.

ఇంటి నుంచి ఆఫీసుకు 24, రాను 24, మొత్తం 48 కిలోమీటర్లు. రోజుకు 3.1 లీటర్లు. లెక్క సులువుగా ఉండటానికి పెట్రోలు 105 వేసుకుంటే రోజుకు సుమారు 325 రూపాయలు.

ఇక్కడ సమస్య ఎదురవుతుంది. చెరి సగం అంటే ఆవిడ వాటా 162 రూపాయలు. బస్సూ ఆటో కలిపినా 140యే. సగం సగం అన్న మాట వినడానికి ఎంత న్యాయంగా ఉన్నా, మా ఘాట్ దారిలో పెట్రోలు కారుకు, ఇద్దరు మనుషులకు అది బస్సు కంటే ఖరీదు. నేను చూసిన లిఫ్టుల్లో నాలుగైదు సరిగ్గా ఇందుకే మూడో నెలలో ఆగిపోయాయి. అడిగినవాళ్ళు మొహమాటానికి సగం ఒప్పుకుంటారు, రెండు నెలలు ఇస్తారు, తర్వాత "మా తమ్ముడు బండి మీద దింపుతున్నాడండీ" అంటారు.

మరి న్యాయం ఎక్కడ? నేను రెండు గీతలు గీసి చూపిస్తాను. కింది గీత, ఆవిడ ఎక్కడం వల్ల ఆయనకు కొత్తగా పడే ఖర్చు. ఆయన ఎలాగూ వెళతారు. ఆవిడ కోసం ఒక కిలోమీటరు చుట్టు తిరిగితే ఏడు రూపాయలు. మనిషి బరువుకు ఇంకో రూపాయో రెండో. పై గీత ఆవిడ ఇప్పుడు పెడుతున్న 140. ఈ రెండింటి మధ్య ఏ అంకె అయినా ఇద్దరికీ లాభమే. కింది గీత దగ్గర ఆగితే ఆవిడ ఆయన మీద బతుకుతున్నట్టుంటుంది. పై గీత దాకా వెళితే ఆవిడకు బస్సు మానడానికి కారణం ఉండదు.

నేను మూడో వంతు చెప్పాను. కారు ఆయనది, టైము ఆయనది, దారి ఆయనది, రాని రోజు రానని చెప్పే హక్కూ ఆయనదే. అన్నీ ఆయన చేతిలో ఉన్నప్పుడు ఆయనకు రెండు వంతులు, ఆవిడకు ఒక వంతు పడటం సబబు. 3.1లో మూడో వంతు 1.03. చిల్లర వదిలేస్తే రోజుకు ఒక లీటరు.

రూపాయల్లో కాకుండా లీటర్లలో చెప్పుకోవాలన్న ఆలోచన అప్పటికప్పుడు వచ్చింది. ధర పెరిగినా తగ్గినా ఎవరూ నోరు తెరిచి అడగక్కర్లేదు. పైగా నెలకింత అంటే అద్దెలా వినిపిస్తుంది, లీటరు అంటే పెట్రోలులాగే వినిపిస్తుంది. అకౌంటెంట్ గారి టాక్సీ మాటకు జవాబు ఇందులో ఉంది.

చట్టం కోణంలోనూ ఆ జవాబు అవసరమే. సొంత బండిలో అద్దె తీసుకుని మనుషులను ఎక్కించుకుంటే 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిటు కావాలి, సొంత కారు బీమా పాలసీ కూడా అద్దె వాడకాన్ని ఒప్పుకోదు. కాబట్టి వాటా ఎప్పుడూ పెట్రోలు ఖర్చు దాటకూడదు, కారు ఆయనకు లాభం మిగలకూడదు. బ్రేకులు, టైర్లు కూడా కలపమని అడిగేవాళ్ళుంటారు. నేను కలపనివ్వను. ఆయన ఒంటరిగా వెళ్ళినా ఆ బ్రేకులు అరుగుతాయి.

ఇక రెండోసారి అడగడం. ఆదివారం సాయంత్రం, ఆయన ఇంట్లో, ఆయన భార్య ఉన్నప్పుడు. చిన్న ఊరు మాది. పెళ్ళయిన అమ్మాయి వేరొకరి కారులో రోజూ ఘాట్ ఎక్కుతోందంటే, ఆ కబురు ఆ ఇంటికి ఇంకొకరి నోట చేరకూడదు. అమ్మాయి తన భర్తను కూడా తీసుకెళ్ళింది. కాఫీ అయ్యాక ఆవిడ అన్న మాటలు దాదాపు ఇవే, ముందు రోజు నా దగ్గర చెప్పి చూసుకుంది కూడా:

"సార్, మొన్న టీ దగ్గర అందరి ముందూ అడిగేశాను, తప్పుగా అనుకోకండి. రెండు వారాలు మాత్రం చూద్దామా? మీరు బయలుదేరే టైముకే నేను రోడ్డు మీదికి వచ్చి ఉంటాను, మీరు ఆగక్కర్లేదు. నేను కనిపించకపోతే వెళ్ళిపోండి, బస్సు ఉంది. మీరు వేరే పని మీద వెళ్ళే రోజు ముందు రాత్రి ఒక్క మెసేజీ పెట్టండి, కారణం అక్కర్లేదు. నేను వచ్చిన రోజుకు లీటరు పెట్రోలు నాది. రెండు వారాలయ్యాక మీకు ఇబ్బందిగా ఉంటే నేనే బస్సుకు వెళ్ళిపోతాను, మీరు చెప్పక్కర్లేదు, నేనే అడుగుతాను."

ఆ చివరి మాట చూడండి. వద్దని చెప్పే పని ఆయన మీద పెట్టలేదు, అడిగే పని తన మీద వేసుకుంది. మా దగ్గర మొహమాటం ఎక్కువ. ఎదురుగా వద్దనలేక పావుగంట ముందు పారిపోయే మనిషికి ఇదే కావాలి.

ఆయన ఏమీ అనకముందే ఆయన భార్య అడిగారు: "రోజూనా?"

"మీరు ఊరెళ్ళే రోజులు, బాబాయ్‌గారికి టూర్లున్న రోజులు కాదండీ పిన్నిగారూ" అంది అమ్మాయి. ఆఫీసులో సార్, ఇంట్లో బాబాయ్‌గారు. అది నేను నేర్పలేదు.

తర్వాత ఆవిడే, "వెనక సీట్లో కూర్చుంటానండీ" అని ఒక మాట జోడించింది. పిన్నిగారు నవ్వి, "ముందే కూర్చో అమ్మా. నువ్వు వెనక కూర్చుంటే ఈయన డ్రైవరులా కనపడతాడు" అన్నారు. అక్కడితో పని అయిపోయింది.

ఒక్క విషయం నేను విడిగా అడగాల్సి వచ్చింది: బీమా కాగితం. ఆయన కారుకు తొమ్మిదేళ్ళు. పాత బండే కదా అని ఉత్త థర్డ్ పార్టీ పాలసీ కట్టుకుంటూ వచ్చారు. ఆ పాలసీ రోడ్డు మీద పోయేవాళ్ళకు గానీ, ఊరికే ఎక్కి కూర్చున్నవారికి వర్తించదు. స్కూటరు వెనక కూర్చున్న మనిషి విషయంలో సుప్రీంకోర్టు 2006లో ఇదే మాట చెప్పింది. సొంత బండి నష్టానికీ కలిపి కట్టే ప్యాకేజీ పాలసీ అయితే కారులో కూర్చున్నవారికీ వర్తిస్తుందని బీమా నియంత్రణ సంస్థ 2009లో స్పష్టం చేసింది. బండి నడిపే యజమానికి కట్టే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఆ యజమాని ఒక్కడికే, పక్కనున్నవారికి కాదు. ఇది అడగడం ఇబ్బందే, కారులో ఎక్కకముందే ప్రమాదం మాట ఎత్తినట్టుంటుంది. అందుకే అమ్మాయి చేత అడిగించలేదు, నేనే అడిగాను. రెన్యువల్ ఇంకా ఆరు వారాలుంది. ఆయన అప్పుడు ప్యాకేజీకి మారారు. ఆ ఆరు వారాలూ ఆవిడ తెలిసే ఎక్కింది.

రెండు వారాల పరీక్ష సాఫీగా సాగలేదు. మూడో రోజే చెడబోయింది. మొదట అనుకున్న చోటు ఆవిడ ఇంటి సందు. కారు లోపలికి వెళితే తిప్పుకోవడానికి లేదు, రివర్సులో రావాలి, ఎదురుగా పాల బండి. ఆరు నిమిషాలు పట్టిందని ఆయన ఆఫీసులో ఇంకెవరితోనో అన్నారు. ఆ మాట నా చెవిన పడింది. సాయంత్రమే చోటు మార్చాం. మెయిన్ రోడ్డు మీద, కారు ఎలాగూ పోయే వైపునే, ఒక మందుల షాపు మెట్ల దగ్గర. ఆవిడ అయిదు నిమిషాలు నడవాలి, ఆయన ఒక్క అడుగు కూడా పక్కకు తిప్పక్కర్లేదు. ఆ ఏడు రూపాయల చుట్టు కూడా పోయింది. ఇంటి ముందు ఎక్కించుకోమని అడగొద్దని నేను అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను.

రెండో వారంలో ఆయన ఒకరోజు జిల్లా మీటింగుకు పొద్దున్నే వెళ్ళిపోయి మెసేజీ మరిచిపోయారు. ఆవిడ మెట్ల మీద ఇరవై నిమిషాలు నిలబడి, బస్సు పట్టుకుని, పదిన్నరకు వచ్చింది. హాజరు పట్టీలో ఎర్ర సిరా నేనే పెట్టాను. దానికి ఆవిడ ఆయన్ని ఒక్క మాట అనలేదు. కానీ మర్నాటి నుంచి కొత్త కట్టుబాటు పెట్టుకుంది. కారు రావాల్సిన టైము దాటి అయిదు నిమిషాలైతే ఫోను చేయదు, నేరుగా ఆటో ఎక్కి బస్టాండుకు వెళుతుంది. లిఫ్టు ఉన్నా బస్సు టైములు మరిచిపోకూడదన్నది ఆవిడ ఆ రోజు నేర్చుకుంది.

డబ్బు ఇచ్చే పద్ధతి మొదటి నెలాఖరులో తేలింది. ఆవిడ కవరులో పెట్టి ఇవ్వబోతే ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. "ఉండనీ అమ్మా, తర్వాత చూద్దాం." మళ్ళీ చూద్దాం! ఈసారి దాని అర్థం వేరు, చేత్తో తీసుకోవడం ఇష్టం లేదని. ఆ నెల ఆవిడ వచ్చినవి 19 రోజులు. అందులో రెండు రోజులు ఒక పూటే, అంటే చెరి అర లీటరు. మొత్తం 18 లీటర్లు. సాయంత్రం దిగుతూ బంకు దగ్గర ఆపించి, కిటికీ దింపి, కుర్రాడితో తనే చెప్పింది: "పద్దెనిమిది లీటర్లు కొట్టు బాబూ." ఫోనులో స్కాన్ చేసి 1,890 కట్టేసింది. ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నారట. డబ్బు ఆయన చేతికి రాలేదు, ట్యాంకులోకి వెళ్ళింది. అప్పటి నుంచి అదే పద్ధతి.

22 రోజుల నెలలో ఆవిడకు 3,080 పోయే చోట 2,310 పోతోంది. ఆయన ఆఫీసు పెట్రోలు ఏడు వేల పైచిలుకు నుంచి అయిదు వేల లోపుకు వచ్చింది. వానాకాలంలో ఘాట్‌లో లారీ అడ్డం పడి రెండు గంటలు ఆగిపోయిన రోజు ఇంజను ఆపుతూ, మళ్ళీ వేస్తూ ఉంటే తాగిన పెట్రోలు ఎంత అని ఎవరూ లెక్క వేయలేదు. వేస్తే తప్పు కాదు గానీ, అలా వేసిన ఒక జంట నాకు తెలుసు, వాళ్ళిప్పుడు మాట్లాడుకోరు.

ఒక్కటి మాత్రం ఇంకా తెగలేదు. సాయంత్రం కూరల దగ్గర ఆయన ఆగితే అరగంట. ఆవిడకు ఇంట్లో చిన్నపిల్ల. మొదట్లో కారులోనే కూర్చుని ఫోను చూసుకునేది. ఇప్పుడు తనూ దిగి కూరలు కొంటోంది. అయినా బుధవారం మాత్రం బస్సుకే వెళ్ళిపోతుంది, ఆ రోజు అర లీటరే.

ఈ మధ్య మూడో మనిషి చేరాడు. ఒడియా కుర్రాడు, కొత్త పోస్టింగు. అకౌంటెంట్ గారి బల్ల దగ్గర నిలబడి, ఒడియాలో సార్ అన్నట్టు "ఆగ్యాం, నేనూ రావచ్చా, ఎంతవుతుంది" అని అడిగాడు. ఆయన పుస్తకంలోంచి తలెత్తకుండా "రోజుకు లీటరు" అన్నారు. మూడో వంతు పద్ధతికి ఇదొక సౌలభ్యం. ఇంకొకరు చేరితే ముగ్గురికీ సమానంగా లీటరు చొప్పున పడుతుంది, అమ్మాయి వాటా మారదు, ఆయనదే సగమవుతుంది. నాలుగో మనిషి వస్తే మాత్రం మళ్ళీ కొలవాలి, నిండు కారు ఘాట్ ఎక్కేటప్పుడు 12 ఇవ్వదు.

నిన్న సాయంత్రం నేనూ వాళ్ళతోనే దిగాను, మా ఇంట్లో పెళ్ళి పని ఉండి. బంకులో కారు ఆగగానే కుర్రాడు గొట్టం తీసుకుని కిటికీ దగ్గరకు వంగి అడిగాడు: "ఇవాళ ఎవరి లీటర్లు సార్?"